కంప్యూటర్ లేని కిరాణా దుకాణానికి సరుకు పుస్తకం: మూడు పద్ధతుల్లో మీకు ఏది సరిపోతుంది?

మల్కాజిగిరిలో మా దుకాణం నాన్న పెట్టింది. రోడ్డు వైపు పది అడుగుల కౌంటర్, వెనక బస్తాలు పెట్టుకునే చిన్న గది. ఉద్దెర పుస్తకం మొదటి నుంచీ ఉంది, గల్లా లెక్క కూడా ఏ రోజుకి ఆ రోజు చూసుకునేవాళ్లం. సరుకు లెక్క మాత్రం నాన్న తలలోనే ఉండేది. వెనక గదిలో ఎన్ని బస్తాలున్నాయో, మినపగుళ్లు ఎన్నాళ్లకి అయిపోతాయో అడిగితే కళ్లు మూసుకుని చెప్పేవారు. ఆయన మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు ఇంట్లో ఉన్నప్పుడు నాకు తెలిసొచ్చింది, ఆ లెక్క కాగితం మీద లేకపోతే ఎంత టెన్షనో. ఆ రెండు నెలల్లో చక్కెర రెండుసార్లు నిండుకుంది, గోధుమరవ్వ పురుగు పట్టేదాకా మిగిలిపోయింది.

ఆ తర్వాత మూడు పద్ధతులు చేసి చూశాను. బిల్లింగ్ మిషన్ లేకుండా, ఒక రిజిస్టరూ ఒక పెన్నూతో నడిచేవే మూడూ. ఏ పుస్తకం మొదలుపెట్టాలో తేలక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

## ముందు చూసుకోవాల్సినవి

మొదటిది సమయం. ఉదయం పాలప్యాకెట్లతో మొదలైతే రాత్రి షట్టర్ దించేదాకా కౌంటర్ వదలలేం. పుస్తకం రోజుకి పదిహేను నిమిషాల కంటే ఎక్కువ అడిగితే నెల తిరగకుండానే మూలపడుతుంది. కాబట్టి మీ దుకాణంలో ఆ పదిహేను నిమిషాలు ఎప్పుడు దొరుకుతాయో ముందే చూసుకోండి. మాకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య గిరాకీ తక్కువ.

రెండోది, పుస్తకం మీకు ఏం చెప్పాలి అన్నది. ఎప్పుడు, ఎంత తెచ్చుకోవాలో చెబితే చాలా? లేక సరుకు ఎక్కడ తరిగిపోతోందో కూడా చెప్పాలా? ఈ రెండు పనులకీ రాయాల్సినవి వేరు. చాలామంది ఒకటి కావాలనుకుంటూ రెండోదానికి పనికొచ్చే పుస్తకం మొదలుపెడతారు, అక్కడే విసుగొస్తుంది.

మూడోది, మీ సరుకులో లూజు ఎంత, ప్యాకెట్ ఎంత. ప్యాకెట్ లెక్కపెడితే తేలుతుంది. పప్పు, చక్కెర, రవ్వ తూచితేగానీ తేలవు. పైగా తూచిన ప్రతిసారీ కొన్ని గ్రాములు అటూ ఇటూ పోతుంటాయి.

నాలుగోది, రాసేది ఎవరు అన్నది. మీరొక్కరే ఉంటే ఏ పద్ధతైనా నడుస్తుంది. దుకాణంలో పిల్లగాడు పనిచేస్తుంటే, మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు కూర్చుంటుంటే, మీరు లేనప్పుడు కూడా తప్పు లేకుండా రాయగలిగేంత తేలిగ్గా ఉండాలి.

| | అమ్మకం ఖాతా | మిగులు పుస్తకం | గది కార్డు |
|---|---|---|---|
| రాసేది | అమ్మిన ప్రతిసారీ | వారానికి ఒకసారి లెక్కపెట్టి | బస్తా, పెట్టె కదిలినప్పుడు |
| పట్టే సమయం | రోజుకి గంట పైనే | వారానికి గంటన్నర | రోజుకి ఐదు నిమిషాలు |
| ఎంత తేవాలో | చెబుతుంది | బాగా చెబుతుంది | ఉజ్జాయింపుగా |
| తరుగు | చూపిస్తుంది | ఇది ఒక్కటే ఉంటే తేలదు | వెనక గదిలోదే చూపిస్తుంది |
| మీరు లేనప్పుడు | కష్టం | ఆగదు | ఆగదు |

## అమ్మకం ఖాతా

ఒక్కో సరుకుకి ఒక పేజీ. వచ్చింది, పోయింది, నిల్వ అని మూడు గళ్లు. ఎవరికైనా కిలో కందిపప్పు తూచితే ఆ పేజీ తీసి ఒక కిలో తగ్గించాలి. చెప్పుకోడానికి అన్నిటికంటే సరైన పద్ధతి ఇదే, ఏ నిమిషంలో చూసినా నిల్వ కనిపిస్తుంది.

మా దుకాణంలో ఇది తొమ్మిది రోజులు నడిచింది. నెల మొదటి వారంలో ఒక్కో కుటుంబం ఇరవై, ముప్పై రకాల చిట్టీ తెస్తుంది. చిట్టీ కట్టాక ముప్పై పేజీలు తిప్పి రాయాలి. ఈలోపు అగరబత్తి అడిగేవాళ్లు, పాలు అడిగేవాళ్లు నిలబడి ఉంటారు. "తర్వాత రాద్దాం" అని చిట్టీలు గల్లాలో పెట్టుకోవాలనుకునేవాణ్ని, రాత్రికి సగం చిట్టీలు వాళ్ల సంచుల్లోనే వెళ్లిపోయి ఉండేవి.

అయినా ఇది సరిపోయే దుకాణాలున్నాయి. అమ్మేవి ముప్పై, నలభై రకాలే అయి, రోజంతా కలిపి అరవై అమ్మకాలు దాటకపోతే నడుస్తుంది. బియ్యం బస్తాలే అమ్మే కొట్టు, డ్రైఫ్రూట్స్ కొట్టు అలాంటివి. కిరాణాలో కూడా నాలుగైదు ఖరీదైన వస్తువులకి, అంటే యాలకులు, జీడిపప్పు, కిలో నెయ్యి డబ్బాలకి, ఈ పేజీలు పెట్టుకోవచ్చు. మేం ఇప్పటికీ యాలకులకి అలాగే రాస్తాం.

## మిగులు పుస్తకం

ఇందులో అమ్మకం అసలు రాయం. వచ్చింది రాస్తాం, వారం చివర మిగిలింది తూచి రాస్తాం. పోయినవారం మిగులుకి ఈ వారం వచ్చింది కలిపి, ఇప్పటి మిగులు తీసేస్తే ఎంత పోయిందో దానంతట అదే తేలుతుంది. కంప్యూటర్ లేని దుకాణానికి ఇదే అసలు కీలకం అని నా నమ్మకం. రోజుకి వందల అమ్మకాలు రాయలేం కానీ, వారానికి ఒక్కసారి డబ్బా తరాజు మీద పెట్టగలం.

నాలుగు వందల రకాలూ ప్రతి వారం లెక్కపెట్టాల్సిన పనిలేదు. లూజు సరుకులో ఎక్కువ పోయేవి, ప్యాకెట్లలో ఖరీదైనవి కలిపి ముప్పై రకాలు ఎంచుకున్నాం. మిగతావాటిని నెలకి ఒక షెల్ఫు చొప్పున చూస్తాం. షాంపూ సాచెట్లు, చాక్లెట్లు పుస్తకంలోకే రావు. సేల్స్‌మన్ తన బీట్ రోజు వచ్చినప్పుడు వేలాడే దండలు చూసి ఆర్డర్ చెబితే సరిపోతుంది.

ప్యాకెట్లు రాసేటప్పుడు పేజీ పైన "1 పెట్టె = 12" అని తప్పకుండా రాయండి. నిల్వని 2/7 అని రాస్తే రెండు పెట్టెలు, ఏడు విడి అని అర్థం. కంపెనీవాళ్లు ధర మార్చకుండా బరువు తగ్గించినప్పుడు ఒక్కోసారి పెట్టెలో ప్యాకెట్ల సంఖ్య కూడా మారుతుంది. అప్పుడు కొత్త పేజీ తెరవాలి, లేకపోతే పాత పెట్టె, కొత్త పెట్టె కలిసిపోయి లెక్క ఎన్నటికీ కుదరదు.

దీని లోపం ఒక్కటే. పోయింది ఎంతో చెబుతుంది, అందులో అమ్మింది ఎంతో, తరిగింది ఎంతో చెప్పదు.

## గది కార్డు

వెనక గదిలో ఒక్కో సరుకు పక్కన గోడకి మేకు కొట్టి అట్టముక్క వేలాడదీస్తాం. తేదీ, లోపలికి, ముందుకి, నిల్వ, పేరు అని ఐదు గళ్లు. బస్తా గంజ్ నుంచి దిగినప్పుడు ఒక గీత, కౌంటర్ వైపు తీసుకెళ్లినప్పుడు ఒక గీత. అర బస్తా తీసుకెళ్లడం, డబ్బాతో తోడుకెళ్లడం మా దగ్గర లేదు, తీస్తే మొత్తం బస్తా తీసి ముందున్న డబ్బాలో పోయాల్సిందే. ఆ ఒక్క నియమం వల్లే కార్డు సరిగ్గా ఉంటుంది.

పిల్లగాడికి నేర్పడానికి ఒక్క పూట పట్టింది. మూడో రోజే వచ్చి, "అన్నా, కందిపప్పు కార్డుల ఒక్కటే బస్తా ఉన్నది, రేపు చెప్పాలె" అన్నాడు. అంతకు ముందు ఆ మాట చెప్పాల్సింది నాన్నే.

వెనక గది లేని దుకాణానికి కార్డు దండగ. సరుకంతా కళ్ల ముందే ఉన్నప్పుడు ఏది కదిలిందని రాస్తాం?

## కందిపప్పు ఒక వారం

మేం ఇప్పుడు నడిపేది మిగులు పుస్తకం, గది కార్డు కలిపి. దాంట్లో ఒక చిన్న పని అదనంగా పెట్టుకున్నాం: వారానికి ఒక్క సరుకుకి మాత్రం తరాజు పక్కన పలక పెట్టి, అమ్మిన ప్రతిసారీ గీత గీస్తాం. కిలోకి ఒక వరస, అరకిలోకి ఒక వరస, పావుకిలోకి ఒక వరస. ఒక్క సరుకే కాబట్టి భారం కాదు. కందిపప్పు వంతు వచ్చిన వారం లెక్క ఇది.

సోమవారం పొద్దున ముందున్న డబ్బాలో 18 కిలోలు, గదిలో 50 కిలోల బస్తాలు రెండు. మొత్తం 118. గురువారం ఒక బస్తా వచ్చింది, 168 అయింది. ఆదివారం రాత్రి డబ్బా తూస్తే 22.4, గదిలో ఒక బస్తా, మొత్తం 72.4. అంటే వారంలో పోయింది 95.6 కిలోలు.

పలక మీద గీతలు కిలోవి 31, అరకిలోవి 84, పావుకిలోవి 74. కూడితే 91.5 కిలోలు. తేడా 4.1 కిలోలు. కిలో 120 రూపాయల చొప్పున చూస్తే 492 రూపాయలు, ఒక్క సరుకు మీద, ఒక్క వారంలో.

మొదట పిల్లగాడి మీదకే మనసు పోయింది, అది నిజం. కానీ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే విడదీశాం. గురువారం వచ్చిన బస్తాని దిగగానే తూచి కార్డు మీద 49.3 అని రాసి ఉంది, లెక్కలోకి మాత్రం 50 అనే ఎక్కించాను. అందులో గోనెసంచి బరువే 600 గ్రాములు. పప్పు నికరం 48.7, అంటే 1.3 కిలోలు మా దుకాణానికి రాకముందే పోయాయి. ఇంట్లోకి తీసుకెళ్లింది ఎక్కడా రాయలేదు, అడిగితే కిలోన్నర అని తేలింది. ఇక మిగిలింది 1.3 కిలోలు. వారంలో తూచిన పొట్లాలు 189. ఒక్కోదానికి ఏడు గ్రాములు ఎక్కువ పడింది. మా తరాజు 5 గ్రాముల మెట్టుతో చూపిస్తుంది, కాస్త మొగ్గు వేసే చేతికి ఏడు గ్రాములంటే పెద్ద లెక్క కాదు. పిల్లగాడి తప్పు ఎక్కడా లేదు. గీతలు లేకపోయి ఉంటే ఆ అనుమానం నా మనసులో అలాగే ఉండిపోయేది.

తర్వాత మూడు మార్పులు చేశాం. దిగిన బస్తా తూచి, సంచి బరువు తీసేసి, నికరమే ఎక్కించాలి. తక్కువ వస్తే బిల్లు మీద అప్పుడే రాసి హోల్‌సేల్ కొట్టుకి చూపించాలి, మర్నాడు చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఇంటికి తీసుకెళ్లేదానికి "ఇల్లు" అని ఒక పేజీ తెరిచాం. మొగ్గు మాత్రం అలాగే ఉంచాం, గిరాకీ దగ్గర ఏడు గ్రాములు పట్టి చూడటం మాకిష్టం లేదు. కాకపోతే అది ఎంతో ఇప్పుడు తెలుసు.

ఇదే పేజీ ఎంత తెచ్చుకోవాలో కూడా చెబుతుంది. వారానికి 95.6 అంటే రోజుకి దాదాపు 14 కిలోలు. నేను బేగంబజార్ వెళ్లేది గురువారం. ఈ గురువారం నుంచి వచ్చే గురువారం సరుకు దిగేదాకా ఎనిమిది రోజులు పెట్టుకుంటే 112 కిలోలు ఉండాలి. బుధవారం రాత్రి మా దగ్గరున్నది 77. తక్కువ పడేది 35 కాబట్టి ఒక బస్తా. రెండు తెస్తే వర్షాకాలంలో పురుగు భయం, డబ్బు కూడా అందులో ఇరుక్కుంటుంది.

ఈ రోజుకి పద్నాలుగు అనేది నెలంతా ఒకేలా ఉండదు. జీతాలు వచ్చే మొదటి వారం ఎక్కువ, నాలుగో వారం తక్కువ. అందుకే మొదటి వారం మిగులుని పోయిన నెల మొదటి వారంతోనే పోల్చుకోవాలి. పండగలకి పోయిన ఏడాది పేజీ తిరగేస్తే చాలు, బోనాలకి బెల్లం, సంక్రాంతికి బియ్యప్పిండి, నువ్వులు ఎంత పోయాయో కనిపిస్తుంది. రంజాన్ సేమియాకి మాత్రం తేదీ చూడకూడదు, ఆ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అందుకే పేజీ అంచున పండగ పేరు రాసిపెట్టుకుంటాం.

## రోజు ఎలా నడుస్తుంది

పొద్దున పాలు, బ్రెడ్డు, గుడ్ల ట్రేలు దిగగానే చిన్న నోట్‌బుక్‌లో సంఖ్య రాసేస్తాం. ఇవి వారం దాకా ఆగే సరుకు కాదు కాబట్టి రాత్రి మిగిలినవీ, పగిలిన గుడ్లూ అదే వరసలో రాస్తాం. పాలు రెండు రోజులు వరసగా మిగిలితే మూడో రోజు తగ్గించి చెబుతాం.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఆ రోజు వచ్చిన బిల్లులన్నీ తీసి మిగులు పుస్తకంలో ఎక్కిస్తాను. పది నిమిషాలు చాలు. ఎక్కించిన బిల్లు మీద పేజీ నంబర్ వేసి మేకుకి గుచ్చుతాను. నంబర్ లేని బిల్లు కనబడితే ఇంకా ఎక్కలేదని అర్థం. పన్నెండుకి ఒకటి ఫ్రీ లాంటి స్కీములో వచ్చిన ముక్క కూడా ఇక్కడే కలుస్తుంది, బిల్లులో డబ్బు లేకపోయినా షెల్ఫు మీద సరుకు ఉంది కదా.

రాత్రి షట్టర్ దించే ముందు గది కార్డులు ఒకసారి చూసి, ఒకే బస్తా మిగిలినవాటి పేర్లు చిట్టీ మీద రాసి గల్లాలో పెడతాను. గురువారం పొద్దున ఆ చిట్టీలే బజారు జాబితా.

ఆదివారం రాత్రి ముప్పై రకాలూ తూచడం. ఒకరు తూచి పైకి చెప్పాలి, ఇంకొకరు రాయాలి. పోయినవారం అంకె మీద కాగితం కప్పి రాస్తాం. అది కనబడితే తెలియకుండానే దానికి దగ్గరగా రాసేస్తాం.

## ఎవరికి ఏది

గల్లీలో ఒక్కరే నడుపుకునే చిన్న దుకాణం, వెనక గది లేదు అంటే మిగులు పుస్తకం ఒక్కటే పెట్టుకోండి. పది సరుకులతో మొదలుపెట్టి, నెల నిలబడ్డాక పెంచుకోండి.

గది ఉండి, మీరు కాకుండా ఇంకొకరు కూడా సరుకు తీస్తుంటే ముందు కార్డులు పెట్టండి. అది అలవాటైన రెండు వారాల తర్వాత మిగులు పుస్తకం కలపండి. రెండూ ఒకే రోజు మొదలుపెడితే రెండూ ఆగిపోతాయి.

సరుకు తరుగుతోందన్న అనుమానంతో మొదలుపెట్టేవాళ్లు అనుమానం ఉన్న ఒక్క సరుకుకే పలక గీతలు పెట్టండి, మొత్తం ఖాతా వద్దు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి మాత్రం ఇష్టాయిష్టాలతో పని లేదు. కాంపోజిషన్‌లో కాకుండా మామూలు పద్ధతిలో పన్ను కట్టేవాళ్లు సరుకు లెక్క ఉంచాలని రూల్ 56 చెబుతుంది: మొదటి నిల్వ, వచ్చింది, పోయింది, పాడైంది, పోగొట్టుకుంది, ఉచితంగా ఇచ్చింది, మిగులు. చేత్తో రాసే పుస్తకాలకి వరస నంబర్లు ఉండాలి. చెరిపి, దిద్ది రాయకూడదు, తప్పు పడితే కొట్టేసి సంతకం చేసి పక్కన సరైనది రాయాలి. కాంపోజిషన్ వాళ్లకి ఈ సరుకు లెక్క తప్పనిసరి కాదు. ఎవరు ఏ పద్ధతిలో ఉన్నా ఆ కొట్టేసి సంతకం పెట్టే అలవాటు మంచిదే, వైట్‌నర్ పూసిన అంకె దగ్గర అసలు ఏముండేదో ఎవరికీ గుర్తుండదు.

## పుస్తకం పాడవుతోందని ఎలా తెలుస్తుంది

లూజు సరుకు నిల్వ అన్నీ 20, 15, 10 అని గుండ్రంగా ఉంటే ఎవరూ తూచడం లేదు, కంటితో చూసి రాస్తున్నారు. నిజంగా తూచితే 22.4 లాంటివే వస్తాయి. వారమంతా ఒకే పెన్ను, ఒకే వంపు, ఒకే ఒత్తిడి కనబడితే అది శనివారం కూర్చుని ఒక్కసారే నింపిన పేజీ. పోయింది అన్న గడిలో అంకె సున్నా కంటే తక్కువ వస్తే ఏదో బిల్లు ఎక్కించడం మర్చిపోయారు, బిల్లుల్లో నంబర్ లేనిది వెతకండి. ఒక సరుకు వారం వారం కొంచెంకొంచెం తేడా చూపిస్తే అది తూకంలోనో, ఇంటి వాడకంలోనో ఉంటుంది. ఒక్క వారమే పెద్ద తేడా వచ్చి, మళ్లీ వారం అంతే తేడా ఎదురు దిశలో వస్తే లెక్కపెట్టడంలో తప్పు జరిగింది. మాకు ఒకసారి పెసరపప్పు 30 కిలోలు మాయమై మరుసటి ఆదివారానికి తిరిగొచ్చింది. బియ్యం బస్తాల వెనక నిలబెట్టిన బస్తా ఎవరికీ కనబడలేదు, అంతే. అప్పటి నుంచి ఆదివారం లెక్క మొదలుపెట్టే ముందు పిల్లగాడు టార్చి పట్టుకుని గది మూలలన్నీ ఒకసారి తిరిగి వస్తాడు.